ఖాళీ గడి కన్నా నింపేసిన గడికే నేను భయపడతాను

బ్యాంకులో అకౌంట్ ఓపెనింగ్ ఫారాలు పరిశీలించే పనికి కొత్తగా వచ్చినవాళ్లకు ముందుగా నేర్పేది ఖాళీలు వెతకడం. పేజీ తిప్పు, గడులన్నీ చూడు, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ గుర్తు పెట్టు, బ్రాంచికి తిప్పి పంపు. నేను చేసేదీ ఈ పనే. వేర్వేరు బ్రాంచిల నుంచి వచ్చిన ఫారాలనూ వాటికి జత చేసిన కాపీలనూ చూసి, బాగుంటే అకౌంటుకు అనుమతి ఇస్తాను, లేకపోతే వెనక్కి పంపుతాను. ఈ పనిలో ఉండగా ఉండగా నాకు ఏర్పడిన అభిప్రాయం మాత్రం ఆ పాఠానికి కొంచెం ఎదురుగా ఉంటుంది. ఖాళీ గడి అబద్ధం చెప్పదు. ఈ ప్రశ్న కస్టమర్‌ని ఎవరూ అడగలేదని అది ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. ఆ ఖాళీని కస్టమర్ లేనప్పుడు ఎవరో నింపేస్తే, ఆ సంగతి ఇక ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఉదాహరణకు వార్షికాదాయం గడి. ఖాళీగా ఉందని ఉదయం వెనక్కి పంపుతాం. గంట తిరక్కుండా 2,00,000 అని నింపి మళ్లీ వస్తుంది. మిగతా ఫారం నీలి ఇంకులో ఉంటే ఆ అంకె నల్ల ఇంకులో ఉంటుంది. ఆ గంటలో కస్టమర్ బ్రాంచికి వచ్చాడా, కనీసం ఫోన్ చేసి అడిగారా అంటే జవాబు ఉండదు. అదే బ్రాంచి నుంచి వచ్చిన ఫారాలు వరసగా పెట్టి చూస్తే మెకానిక్కుకీ, టీచరుకీ, ఇల్లాలికీ అందరికీ ఆదాయం రెండు లక్షలే. చేతిరాత కూడా ఒకటే. అకౌంటులో జరిగే లావాదేవీలు మామూలుగా ఉన్నాయా, అనుమానం వచ్చేలా ఉన్నాయా అని బ్యాంకు తర్వాత తేల్చుకునేది ఈ ఆదాయం, ఈ వృత్తి చూసే. చిన్న వ్యాపారికి రెండు లక్షలని రాసి పెడితే, అతని మామూలు అమ్మకాల డబ్బు జమ అయినప్పుడే అలర్ట్ వస్తుంది, వివరణ ఇమ్మని అతన్ని పిలుస్తారు. ఏ ఆదాయమూ లేని కుర్రాడికి పది లక్షలని రాస్తే, వాడి అకౌంటును ఇంకెవరో వాడుకుంటున్నా అలర్ట్ రాదు. రెండిట్లోనూ గడి నిండే ఉంది. పరిశీలకుడు టిక్కు పెట్టేశాడు.

అలాగని ప్రతి ఖాళీనీ పట్టుకు వేలాడాలని నేను అనను. రెండో ఫోన్ నంబరు, చదువు, మతం లాంటి గడులు ఖాళీగా ఉంటే ఫారం తిప్పి పంపే పరిశీలకులు ఉన్నారు. వాళ్ల వల్లే బ్రాంచిల్లో గడులు నింపిపడేసే అలవాటు పెరుగుతుంది. వర్తించని గడి మీద ఒక అడ్డగీత గీస్తే చాలు. ఆ గీత ఇక్కడ చెప్పాల్సింది ఏమీ లేదని చెబుతుంది, తర్వాత ఎవరూ ఏమీ రాయకుండా కూడా చేస్తుంది. నేను పట్టుబట్టే గడులు కొన్నే: పేరు, పుట్టిన తేదీ, పాన్, వృత్తి, ఆదాయం, చిరునామా, నామినీ, సంతకాలు. జాయింట్ అకౌంటయితే ఇంకొకటి, అకౌంటు ఎవరు నడపాలన్న గడి.

ఈ చివరి గడి సంగతి చాలామందికి తెలియదు. ఇద్దరి పేర్ల మీద అకౌంటు తెరిచినప్పుడు ఇద్దరూ కలిసి సంతకం పెడితేనే డబ్బు తీయాలా, ఎవరో ఒకరు పెడితే సరిపోతుందా, ఒకరు పోతే మిగిలినవారికి డబ్బు ఇచ్చేయవచ్చా అన్నది ఇక్కడే తేలుతుంది. ‘ఎవరైనా ఒకరు లేదా బతికున్నవారు’ అన్న షరతు రాసి ఉంటే ఒకరు చనిపోయాక రెండోవారికి బ్యాంకు నేరుగా చెల్లించవచ్చు. ‘ఇద్దరూ కలిసి’ అని మాత్రమే ఉంటే, చనిపోయినవారి వారసులందరూ వచ్చి నిలబడాలి. ఈ గడిని ఖాళీగా వదిలితే కంప్యూటర్లో ఎంట్రీ చేసేవారు సాధారణంగా మొదటి షరతే ఎంచుకుంటారు, ఎక్కువమంది అడిగేది అదే కాబట్టి. కస్టమర్ అడిగిందీ అదే అయ్యుండొచ్చు. కాకపోతే, కోర్టులో చూపించడానికి ఆయన రాసిన ముక్క ఒకటీ ఉండదు.

ఒక ఫారం సంగతి చెబుతాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, తప్పులు మాత్రం ఉన్నవున్నట్టే ఉన్నాయి. రిటైరైన ప్రభుత్వోద్యోగి, ఆయన భార్య జాయింట్ సేవింగ్స్ అకౌంటు కోసం పెట్టిన ఫారం అది. సొంతూరు వదిలి నగరంలో అద్దె ఇంట్లోకి వచ్చారు. ఫారమంతా కొడుకు నింపాడు. అందులో తప్పేమీ లేదు, పెద్దవాళ్ల ఫారాలు సాధారణంగా పిల్లలే నింపుతారు. జత చేసిన కాగితాలు: ఇద్దరి ఆధార్ కాపీలు, పాన్ కాపీలు, అద్దె ఒప్పందం, ఇంటి యజమాని పేరుతో ఉన్న కరెంటు బిల్లు. దూరం నుంచి చూస్తే ఫారం నిండుగా ఉంది. ఖాళీ గడి ఒక్కటీ లేదు.

ముందు చిరునామా. ఆధార్ కాపీలో ముందు వైపు మాత్రమే ఉంది. అందులో ఫోటో, పేరు, పుట్టిన తేదీ, నంబరు ఉంటాయి. చిరునామా ఉండేది వెనక వైపు. అసంపూర్తి అడ్రస్ ప్రూఫులలో నాకు తెలిసి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం ఇదే. ఓటరు కార్డుకీ ఇదే కథ, పాస్‌పోర్టుకైతే చివరి పేజీ లేకపోవడం. పరిశీలకుడు కాపీ ఉందా లేదా అని చూసి వదిలేస్తే ఇది పట్టుబడదు. కాపీలో ఉన్న చిరునామా ఏ అక్షరంతో మొదలవుతుందో చూసి, దాన్ని ఫారంలోని చిరునామాతో కలిపి చదవాలి. చదవడానికి కాపీలో చిరునామాయే లేదని అప్పుడు తెలుస్తుంది.

ఫారంలో శాశ్వత చిరునామా సొంతూరిది, ప్రస్తుత చిరునామా నగరంలోనిది. ప్రస్తుత చిరునామాకు రుజువుగా పెట్టినవి అద్దె ఒప్పందం, యజమాని పేరున ఉన్న కరెంటు బిల్లు. కేవైసీకి రిజర్వు బ్యాంకు ఒప్పుకున్న అధికారిక పత్రాలు ఆరే: పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్, ఓటరు కార్డు, రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకం ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు, పేరూ చిరునామా ఉన్న జాతీయ జనాభా రిజిస్టరు లేఖ. పాన్ కార్డు ఈ జాబితాలో లేదు, దానిలో చిరునామా కూడా ఉండదు. ఈ పత్రాల్లో ప్రస్తుత చిరునామా లేనివారి కోసం ఇంకో చిన్న జాబితా ఉంది. రెండు నెలలకు మించని కరెంటు, నీటి, పైపు గ్యాసు, టెలిఫోన్, పోస్ట్‌పెయిడ్ మొబైల్ బిల్లు. ఇంటి పన్ను రసీదు. చిరునామా ఉన్న పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు. ప్రభుత్వ సంస్థలు, బ్యాంకులు, లిస్టెడ్ కంపెనీల వంటి యజమానులు ఉద్యోగికి ఇల్లు కేటాయిస్తూ ఇచ్చిన లేఖ. మామూలు అద్దె ఒప్పందం ఇందులో లేదు. ఇంటి యజమానితో రాసుకున్న కాగితం ఇంత ముఖ్యమైనదై ఉండి జాబితాలో ఎందుకు లేదని కస్టమర్లు కోప్పడితే నేను వాళ్లను తప్పుపట్టను. కానీ జాబితాలో లేని కాగితాన్ని చేర్చే అధికారం బ్రాంచికీ లేదు, నాకూ లేదు.

కరెంటు బిల్లు జాబితాలో ఉన్నా ఈ బిల్లు ఉన్నది యజమాని పేరున. పెద్దాయన దగ్గర పెన్షన్ ఉత్తర్వు ఉంది గానీ దానిలో పాత ఊరి చిరునామానే ఉంటుంది కాబట్టి లాభం లేదు. చాలామంది పరిశీలకులు ఇక్కడే ఆగిపోయి ‘చిరునామా రుజువు సరిపోదు’ అని తిప్పి పంపేస్తారు. నా వాదన ఏమిటంటే, దారి ఉన్నప్పుడు ఆ దారి చూపించడం కూడా పరిశీలనలో భాగమే. బ్రాంచిలో ఆయన వేలిముద్రతో ఆధార్ ధ్రువీకరణ చేయించుకుంటే, ఆధార్‌లో ఉన్నది కాక వేరే ప్రస్తుత చిరునామా ఇవ్వడానికి ఆయన స్వయంగా రాసి ఇచ్చే ప్రకటన సరిపోతుంది. కరెంటు బిల్లూ అక్కర్లేదు, అద్దె ఒప్పందమూ అక్కర్లేదు. ఈ నిబంధన తెలియక పెద్దవాళ్లను ఇంటి యజమాని చుట్టూ తిప్పే బ్రాంచిలు ఉన్నాయి.

రెండో జాబితాలోని పత్రంతో అకౌంటు తెరిస్తే మాత్రం మూడు నెలల్లోపు ప్రస్తుత చిరునామా ఉన్న అధికారిక పత్రం తెచ్చి ఇవ్వాలి. ఆ మూడు నెలల గడువును ఎక్కడో ఒకచోట తేదీ వేసి రాసుకోవాలి. రాసుకోని గడువును ఎవరూ అడగరు. తర్వాతెప్పుడో కేవైసీ తాజా చేసేటప్పుడు బయటపడి, అకౌంటు ఆగిపోయి, కస్టమర్ కౌంటర్ దగ్గర నిలబడతాడు.

పేరు సంగతి తొందరగా చెప్పి ముందుకు వెళతాను. పెద్దాయన భార్య ఆధార్, పాన్ రెండింట్లోనూ పుట్టింటి ఇంటిపేరే ఉంది. కొడుకు ఫారంలో తండ్రి ఇంటిపేరు రాశాడు. పెళ్లి తర్వాత మారిన పేరుతో అకౌంటు కావాలంటే పాత పత్రంతో పాటు ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రమో, గెజిట్ ప్రకటనో ఉండాలి. ఆ తరం వాళ్లలో ఎందరి దగ్గర వివాహ ధ్రువపత్రం ఉంటుంది? పత్రంలో ఉన్న పేరుతోనే అకౌంటు తెరవడం సులువు. ఫారంలో ఇంటిపేరు కొట్టేసి సరైనది రాసి, ఆ దిద్దుబాటు పక్కన ఆమె పూర్తి సంతకం పెడితే సరి. తెల్ల ఇంకు పూసి మీద రాయకూడదు. కింద ఏముందో కనిపించాలి కాబట్టే కొట్టివేత మీద సంతకం అడుగుతాం. అన్నట్టు, ఇంటిపేరు ముందుందా వెనకుందా అన్న కారణంతో తెలుగువాళ్ల ఫారాలు తిప్పి పంపడం శుద్ధ దండగ. అవే పేర్లు అదే మనిషివైతే వరస మారినంత మాత్రాన మనిషి మారడు.

ఇక సంతకాలు. ఈ ఫారంలో పెద్దాయన ఇంగ్లీషులో, ఆమె తెలుగులో పెట్టారు. ఆయన సంతకం ఫోటో మీద, డిక్లరేషన్ కింద ఒకలా ఉంది. బ్యాంకు నమూనాగా దాచుకునే స్పెసిమన్ గడిలో ఇంకోలా ఉంది. ఫోటో మీద ఉన్నది చకచకా సాగిన గీత, మొదటి అక్షరం పెద్దది, చివర తోక కుడివైపు పైకి లేచింది. స్పెసిమన్‌లో మాత్రం అక్షరాలన్నీ ఒకే ఎత్తులో, విడివిడిగా, మధ్యమధ్యలో కలం ఆగి మళ్లీ మొదలైన చుక్కలతో ఉన్నాయి. పాన్ కాపీ పక్కన పెట్టి చూస్తే విషయం తెలిసిపోయింది. పాన్ మీద ఉన్నది ఏళ్ల కిందటి సంతకం. స్పెసిమన్ దానికి నకలు. అంటే కౌంటర్ దగ్గర ఎవరో ‘పాన్‌లో ఉన్నట్టే పెట్టండి సార్’ అన్నారు, ఆయన కార్డు ముందు పెట్టుకుని బొమ్మ గీసినట్టు గీశాడు.

ఇలా చేయించడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మామూలు పరిశీలనలో ఈ ఫారం పాసైపోతుంది, ఎందుకంటే స్పెసిమన్ పాన్‌తో కలిసింది. కానీ స్పెసిమన్‌ని స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టేది రేపు ఆయన రాసే చెక్కుతో పోల్చడానికి. ఆయన చెక్కు మీద పెట్టబోయేది చేతికి అలవాటైన సంతకమే. అది ఈ బొమ్మతో కలవదు. చెక్కు ‘సంతకం తేడా’ అని వెనక్కి వస్తుంది. డబ్బు ఉండి కూడా. సంతకం కలవక తిరిగొచ్చిన చెక్కు కూడా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ కింద నేరం కావచ్చని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. కాబట్టి పాన్‌తో కలవడం కోసం కౌంటర్లో గీయించిన సంతకం, కస్టమర్‌కి ఎప్పుడో ఒకనాటి టెన్షన్‌కి ముందే వేసిన పునాది.

రెండు సంతకాలు ఒకరివేనా అని చూసేటప్పుడు నేను మొత్తం ఆకారం మీద ఆధారపడను. ఆకారాన్ని ఎవరైనా అనుకరించగలరు. గీత ఎక్కడ మొదలైంది, ఏ వైపు వాలింది, అక్షరాల మధ్య కలుపు ఎక్కడుంది, కలం ఎక్కడ లేచింది, చివరి గీత సన్నబడుతూ ముగిసిందా లేక ఉన్నట్టుండి ఆగిపోయిందా అన్నవి చూస్తాను. ఒకే మనిషి ఒకే రోజు పెట్టిన సంతకాలు కూడా అచ్చం ఒక్కలా ఉండవు. అచ్చు గుద్దినట్టు ఒక్కలా ఉంటేనే నాకు అనుమానం, కింద పెట్టి దిద్దారేమోనని. వణుకు విషయంలో తొందరపడకూడదు. వయసు వల్ల వచ్చే వణుకు ఆ మనిషి పెట్టిన ప్రతి సంతకంలోనూ, అన్ని గీతల్లోనూ ఉంటుంది. నకలు చేసేటప్పుడు వచ్చే వణుకు మలుపుల దగ్గర, ఆలోచించి ఆగినచోట కనిపిస్తుంది. కాపీ మీద చూస్తే ఈ తేడా పట్టుకోలేం. అసలు ఫారమైనా ఉండాలి, స్పష్టమైన స్కానైనా ఉండాలి.

ఆమె సంతకాలు ఇంకో రకం. తెలుగులో తన పేరు రాశారు, అరుదుగా రాసే చేయి. ఒకచోట తలకట్లన్నీ ఉన్నాయి, ఇంకోచోట రెండు లేవు. ఒత్తు ఒకచోట అక్షరం కింద, ఇంకోచోట పక్కకి జరిగింది. అక్షరాల వరస, వాటి మధ్య ఎడం, మొదటి అక్షరం చుట్టే తీరు మాత్రం అన్నిచోట్లా ఒకటే. ఇది మోసం కాదు, అలవాటు లేని చేయి అంతే. బ్రాంచిలో ఇలాంటివారిని చూసి ‘ఎందుకమ్మా ఈ ఇబ్బంది, వేలిముద్ర వేసేయండి’ అనేస్తారు. నేను దానికి ఒప్పుకోను. వేలిముద్రకు సాక్షులు కావాలి, ప్రతి లావాదేవీకీ ఆమె స్వయంగా రావాల్సి రావచ్చు. అంతకన్నా, రాయగలిగిన మనిషిని రాయలేనట్టు రికార్డుల్లో పెట్టడం అన్యాయం. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తెల్ల కాగితం మీద కొన్నిసార్లు రాయమని, చేయి కుదుటపడ్డాక స్పెసిమన్ తీసుకోమని రాశాను. ఆయనకీ అదే సలహా ఇచ్చాను, పాన్ కార్డు లోపల పెట్టేసి. పాన్ మీది సంతకం పాతదని, ఇప్పుడు ఇలా పెడుతున్నానని ఆయన ఒక లైను రాసి ఇస్తే, అధికారి ‘నా ఎదుట పెట్టారు’ అని పేరు, ఉద్యోగి నంబరు, తేదీ వేస్తే తేడా సంగతి తేలిపోతుంది.

ఇక నామినీ గడి దగ్గరకు వద్దాం. ఫారంలో ‘నామినేషన్ వద్దు’ అన్నదానికి టిక్కు ఉంది. కొడుకు రాసిన ఇంకు నీలం, ఈ టిక్కు నలుపు. పక్కన ఆయన సంతకమూ లేదు, ఆమె సంతకమూ లేదు. బ్రాంచికి ఫోన్ చేసి కస్టమర్‌ని అడగమన్నాను. తెలిసిందేమిటంటే, నామినీగా తన పేరు తానే రాసుకుంటే ఏం బాగుంటుందని కొడుకు ఆ గడి వదిలేశాడు. నాన్నను అడిగి రాద్దామనుకుని మరచిపోయాడు. ఖాళీ ఉంటే ఫారాలు పరిశీలించే మా సెంటర్ వాళ్లు తిప్పి పంపుతారని బ్రాంచిలో ఎవరో టిక్కు పెట్టేశారు. ఇప్పుడు చూడండి, ఆ గడి ఖాళీగానే వచ్చి ఉంటే నేను మామూలుగా అడిగి ఉండేవాణ్ని. నింపి పంపడం వల్ల, ఆ దంపతులు ఎన్నడూ తీసుకోని నిర్ణయం వాళ్ల పేరు మీద రికార్డయ్యేది.

నామినీ గడికి మూడు స్థితులు ఉంటాయి: నామినేషన్ ఇచ్చారు, వద్దన్నారు, అడగలేదు. మూడోది ఫారంలో మిగలకూడదు. రెండోది కావాలంటే దానికో పద్ధతి ఉంది. నామినేషన్ వల్ల ప్రయోజనం ఏమిటో బ్యాంకు చెప్పాలి. అయినా వద్దంటే ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మని అడగాలి. అదీ ఇవ్వనంటే ఆ సంగతిని ఫారం మీద నమోదు చేసి అకౌంటు తెరవాలి. నామినీ లేదన్న ఒక్క కారణంతో అకౌంటు నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. కాబట్టి ‘నామినీ తప్పనిసరి’ అని కౌంటర్లో గదమాయించడమూ తప్పే, ఎవరూ చూడకుండా ‘వద్దు’ టిక్కు పెట్టడమూ తప్పే.

నామినీ పేరు రాయడానికి జనం వెనకాడటానికి అసలు కారణం బద్ధకం కాదని నా నమ్మకం. నామినీ పేరు రాస్తే ఆస్తి రాసిచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. కూతురి పేరు రాస్తే కోడలు ఏమంటుందో, కొడుకు పేరు రాస్తే అల్లుడు ఏమనుకుంటాడో. చట్టం అలా లేదు. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలోని 45జడ్ఏ సెక్షన్ ప్రకారం నామినీకి బ్యాంకు నుంచి డబ్బు అందుకునే హక్కు ఉంటుంది. ఆ డబ్బు ఎవరిదన్నది వారసత్వ చట్టమో వీలునామాయో తేలుస్తుంది. సుప్రీంకోర్టు 2010లో ఇదే మాట చెప్పింది. ఈ రెండు వాక్యాలు కౌంటర్లో ఎవరైనా నిదానంగా చెబితే చాలా గడులు వాటంతటవే నిండుతాయి.

ఆ దంపతులకు ఉన్న ఇంకో అనుమానం కూడా మామూలుగా వినిపించేదే. ఇద్దరి పేరు మీదా అకౌంటు ఉండగా నామినీ ఎందుకని. ఒకరు పోతే షరతు ప్రకారం డబ్బు రెండోవారికి వెళుతుంది, నామినీకి కాదు. నామినీ హక్కు మొదలయ్యేది ఇద్దరూ పోయాకే. నామినీ లేకపోతే అప్పుడు పిల్లలు వారసులుగా క్లెయిము పెట్టుకోవాలి. మరణించినవారి క్లెయిముల మీద రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం నామినీ ఉంటే క్లెయిము ఫారం, మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు పత్రంతో పని అయిపోతుంది. లేకపోతే వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల దాకా హామీ పత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం లాంటివి కావాలి. ఆపైన ఇంకా ఎక్కువ కాగితాలు, తరచూ కోర్టు దాకా. విదేశాల్లో ఉన్న ఒక్క వారసుడి సంతకం కోసం మిగతావారంతా ఎదురుచూడాల్సి రావచ్చు.

ఈ వివరణ విన్నాక వాళ్లు కొడుకు, కూతురు ఇద్దరి పేర్లూ రాశారు. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్ అకౌంటుకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. అందరికీ ఒకేసారి వాటాలుగా అయినా పెట్టవచ్చు, ఒకరి తర్వాత ఒకరుగా అయినా పెట్టవచ్చు. వాటాలుగా పెడితే ఎవరికెంత శాతమో రాయాలి, మొత్తం 100 రావాలి. రెండోసారి వచ్చిన ఫారంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, శాతం గడులు మాత్రం ఖాళీ. ‘సమానంగా అన్నారండీ, 50, 50 వేసేయనా?’ అని బ్రాంచిలోని అబ్బాయి ఫోన్లో అడిగాడు. వద్దన్నాను, ఆయన అన్నమాట నిజమే అయినా ఆయన చేత రాయించమన్నాను. పైగా నామినేషన్ కింద భర్త సంతకం ఒక్కటే ఉంది. జాయింట్ అకౌంటులో నామినేషన్ ఇద్దరూ కలిసి ఇవ్వాలి. ఆమె సంతకం లేని నామినేషన్ చెల్లదు. ఎలాగూ ఆమె కొత్త స్పెసిమన్ ఇవ్వడానికి రావాలి కాబట్టి రెండూ ఒకే రాకలో అయిపోయాయి.

ఇక్కడే పరిశీలకుడి తప్పొకటి చెప్పుకోవాలి. ఒక లోపం కనబడగానే ఆగి ‘ఫారం అసంపూర్తి, సరిచేసి పంపండి’ అని రాసేవారు ఉన్నారు. బ్రాంచి ఒకటి సరిచేసి పంపుతుంది, అప్పుడు రెండోది చెబుతారు, తర్వాత మూడోది. ఆ పెద్దాయన మూడుసార్లు ఆటో ఎక్కాలి. నేను రాసిన నోట్ రెండు భాగాలుగా ఉంది. బ్రాంచి తనంతట తాను చేయగలిగేవి: ఆధార్ వెనక వైపు కాపీ, అసలుతో సరిచూసినట్టు ముద్ర, పేరు, తేదీ. కస్టమర్ ఎదురుగా ఉంటేనే చేయాల్సినవి: ఇంటిపేరు దిద్దుబాటు మీద ఆమె సంతకం, వేలిముద్రతో ఆధార్ ధ్రువీకరణ, ప్రస్తుత చిరునామాకు స్వీయ ప్రకటన, ఇద్దరి స్పెసిమన్లు మళ్లీ, నామినేషన్ మీద ఇద్దరి నిర్ణయం. రెండో భాగంలోది ఏదైనా కస్టమర్ రాని రోజు తేదీతో పూర్తయి వస్తే ఫారం మళ్లీ వెనక్కే.

‘ఇంత పట్టుదలగా ఉంటే కస్టమర్ ఇంకో బ్యాంకుకి పోతాడు’ అని బ్రాంచి మేనేజర్లు అంటారు. నెలాఖరు టార్గెట్ల ఒత్తిడి నాకు తెలియనిది కాదు. కానీ కస్టమర్‌ని విసిగించేది పట్టుదల కాదు, విడతలవారీగా చెప్పడం. అన్నీ ఒకేసారి, అర్థమయ్యేలా చెప్పిన నోట్‌కు బ్రాంచిలు కూడా పెద్దగా పేచీ పెట్టవు. ఈ ఫారం విషయంలో శాతాల కోసం రెండోసారి అడగాల్సి వచ్చింది, నామినీలు ఇద్దరవుతారని మొదట ఎవరికీ తెలియదు కాబట్టి.

ఈ బెడదంతా కాగితం ఫారాలదే, ట్యాబ్‌లు వచ్చాక ఖాళీలే ఉండవు కదా అనేవాళ్లతో నేను ఏకీభవించను. ట్యాబ్‌లో తప్పనిసరి అని నక్షత్రం గుర్తున్న గడి నింపకపోతే తర్వాతి పేజీకి వెళ్లనివ్వదు. అందుకని తల్లి పేరు గడిలో ఒక చుక్క, చిరునామా రెండో లైనులో ఊరి పేరే మళ్లీ, ఆదాయంలో జాబితాలో మొదట కనిపించిన శ్రేణి. అక్కడ ఇంకు రంగు లేదు, చేతిరాత లేదు. కాగితం మీద నాకు దొరికే ఆనవాళ్లన్నీ పోయాయి. నామినీ దగ్గర ‘లేదు’ అన్నది ముందే ఎంచి ఉండే డిజైను అయితే మరీ ఘోరం, ఎవరూ అడగకుండానే ‘వద్దన్నారు’ అన్న స్థితి తయారైపోతుంది.

అందుకే ఇప్పుడు నేను వేరేవాటిని చూస్తున్నాను. ఒకే మొబైల్ నంబరు సంబంధం లేని నాలుగు అకౌంట్లకు ఉందా, ఒకే ఇంటి నంబరుతో ఒకే రోజు ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఫారం మొదలుపెట్టడానికీ పంపడానికీ మధ్య ఎంత సమయం గడిచింది. పుట్టిన తేదీ జనవరి 1 అని వరసగా వస్తే మాత్రం ఉలిక్కిపడను, వయసు మాత్రమే చెప్పి ఆధార్ తీసుకున్నవాళ్లలో చాలామందికి ఆ తేదీయే ఉంటుంది. అకౌంటు తెరిచాక పాస్‌బుక్ మొదటి పేజీ కూడా అడిగి చూస్తాను. కాగితం మీద నామినీలు ఉండి కంప్యూటర్లో ‘లేదు’ అని ఎంట్రీ అయిన అకౌంట్లు అక్కడే బయటపడతాయి. నామినేషన్ నమోదైతే ఆ మాట పాస్‌బుక్ మీద ఉండాలి. ఆ దంపతుల పాస్‌బుక్‌లో అది ఉంది, ఇంటిపేరూ ఆధార్‌లో ఉన్నట్టే పడింది.